కుదుళ్ళు ముందా, చివర్లు ముందా

మా ఇంట్లో తలకు రంగు వేయడం నా శాఖ. పద్మారావు నగర్‌లో కాపురం పెట్టినప్పటి నుంచి మా అత్తగారి తల, మా ఆయన మీసం, ఆ తర్వాత నా తల, అన్నీ నా చేతి మీదుగానే నల్లబడ్డాయి. నా పద్ధతి ఒకటే: ముందు కుదుళ్ళు. తెల్ల వెంట్రుక మొండిది, రంగు పట్టడానికి ఎక్కువసేపు కావాలి, నలుగురి కంటా పడేదీ అక్కడే. ఇది ఎవరూ నేర్పలేదు, నేనే కనిపెట్టానని కాస్త గర్వంగా కూడా ఉండేది.

మా ఆడబిడ్డది మారేడ్‌పల్లి. నలభై ఆరేళ్ళు వచ్చినా తలలో ఒక్క తెల్ల వెంట్రుక లేదు. ఆ సంగతి నాకు గుర్తుచేయడం ఏనాడూ మరచిపోలేదు. పెళ్ళయి పాతికేళ్ళు నిండుతున్నాయని ఒక ఆదివారం ఫంక్షన్ పెట్టుకుంది. అంతవరకూ రంగు తగలని ఆ జుట్టు పట్టుచీరతో పాటు ముదురు ఎరుపులో మెరవాలని ఆమె కోరిక. పార్లర్‌కు పోకుండా నా దగ్గరికి వచ్చింది. ఇన్నేళ్ళలో ఆమె నన్ను అడిగిన మొదటి సాయం అది, అందుకే నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు.

రెండు రోజుల ముందే చెవి వెనక రంగు చుక్క పెట్టి చూశాం, దురద గిరద ఏమీ రాలేదు. శనివారం పొద్దున వెనక వరండాలో పీట వేసి కూర్చోబెట్టాను. నుదుటి నుంచి మెడ దాకా ఒక పాపిడి, ఈ చెవి నుంచి ఆ చెవికి ఇంకొకటి తీసి జుట్టు నాలుగు భాగాలు చేసి, ఒక్కోదానికి బట్టల క్లిప్పు తగిలించాను. అప్పుడే పై వాటాలో ఉండే ఉర్దూ ఆవిడ, అక్కా అన్నట్టు మేమంతా ఆపా అని పిలిచే ఆమె, బట్టలు ఆరేయడానికి వచ్చి ఆగింది. ఆమె చాలా ఏళ్ళు ఆడవాళ్ళ పార్లర్ నడిపి మానేసింది.

"జెర ఆగు బేటా. కొత్త తల గది. ముందు నడిమి నుంచి చివర్ల దాక పెట్టు, కుదుళ్ళకు ఆఖర్ల పెట్టు" అంది.

నేను తల ఊపాను. పని మానేసి చాలా రోజులైంది కదా, మరచిపోయి ఉంటుందిలే అనుకున్నాను. ఆమె బకెట్ తీసుకుని వెళ్ళగానే మెడ దగ్గర మొదలుపెట్టి పాయ పాయగా కుదుళ్ళన్నిటికీ పట్టించాను. ఆ తర్వాతే చివర్లకు లాగాను.

తల కడిగి ఆరబెట్టాక ఎండలోకి తెచ్చి చూశాను. నెత్తి నుంచి రెండు వేళ్ళ మేర నారింజ ఎరుపు భగ్గుమంటోంది. అక్కడి నుంచి కొసల దాకా ముదురు రంగు పట్టీ పట్టనట్టుంది. ఎవరో ఆమె మీద కుంకుమ భరిణె బోర్లించినట్టే ఉంది.

ఆడబిడ్డ అద్దంలో చాలాసేపు చూసుకుంది. "వదినా, రేపు వచ్చినోళ్ళు నన్ను చూస్తరా, నా నెత్తిని చూస్తరా?" అంది. ఫంక్షన్ వాయిదా వేయొచ్చా అని మొగుడికి ఫోన్ చేసింది. తిట్టినా బాగుండేది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గు విడిచి మెట్లెక్కాను.

ఆపా దెప్పలేదు. మాడు వేడికి కుదుళ్ళ దగ్గర రంగు తొందరగా పని చేస్తుందని, అక్కడే ముందు పెడితే రెండింతలు ఎక్కుతుందని చెప్పింది. కిందికి వచ్చి, అదే ఎరుపులో ముదురు రకం తెప్పించి, వెలిగిపోతున్న మేరకే బ్రష్‌తో అద్దింది. రెండేసి నిమిషాలకు ఒక పాయ తుడిచి, చివర్లతో కలిసిందా అని చూసింది. కలవగానే కడిగించింది. ఫంక్షన్ జరిగింది, ఫోటోలు బాగా వచ్చాయి.

ఆ శనివారం పైకి పోతూ పోతూ ఆపా నా జడ కొస పట్టుకుంది. అది చీపురులా గరగరలాడింది. "నువ్వు నెల నెల కొస దాక గుంజుతున్నవా?" అని అడిగింది. అవునన్నాను. ఒకసారి రంగేసిన జుట్టుకు ఆ తర్వాత కొత్తగా పెరిగిన కుదుళ్ళకే పెట్టాలని, కొసలు వెలిసిపోతే చివరి నాలుగైదు నిమిషాలు చాలని చెప్పింది. అంటే ఇన్నాళ్ళూ నేను సగమే కనిపెట్టానన్నమాట.

రెండు నెలలకు ఆడబిడ్డ మళ్ళీ వచ్చింది. ఎర్ర జుట్టు కింద అంగుళం మేర నల్లగా పెరిగింది. పార్లర్‌కు పోలేదు, నా దగ్గరికే వచ్చింది. పాపిళ్ళు తీసి కుదుళ్ళ మీద బ్రష్ పెట్టబోతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "చివర్లు ముందు, వదినా" అంది. లోపలి నుంచి అత్తగారు కూడా అదే మాట అన్నారు. సగం మీసానికి రంగు పూసుకున్న మా ఆయన వచ్చి, చివర్లే ముందని మొన్ననే కదా తేలింది అన్నాడు. జీవితంలో మొదటిసారి నేను తెలిసి చేస్తున్న పనిని నమ్మేవాళ్ళు లేకపోయారు.

గత్యంతరం లేక ఆపాను కిందికి పిలిచాను. ఆమె వచ్చి పాపిడి చూసి, "ఈసారి కుదుళ్ళే ముందు" అని చెప్పి బట్టలు తీయడానికి పోయింది. ఆడబిడ్డ నా చెయ్యి వదిలి మెడ వంచింది. ఇరవై ఏళ్ళుగా చేస్తున్న పనే, ఆ రోజు పై వాటా పర్మిషన్ తీసుకుని చేశాను.