అంచున మిగిలిన పచ్చ

ప్రేమానందం ప్రొద్దుటూరులో ఫ్లెక్సీలు డిజైన్ చేస్తాడు. ఊళ్లోని రెండు రాజకీయ వర్గాల మనుషులూ అతని దుకాణానికే వస్తారు. ఒకరు లోపలుంటే రెండోవారు వీధి చివర ఆగుతారు.

జమ్మలమడుగు వైపు నాయకుడు చెన్నకేశవరెడ్డి పార్టీ మారిన పూట, ఆయన అనుచరుడు ఓబుళేసు పరుగున వచ్చాడు. కొత్త ఫోటో తీసే వ్యవధి లేదు. పాత ఫోటోలోనే పాత పార్టీ ఆకుపచ్చ కండువాను కొత్త పార్టీ రంగులో ఎర్రగా, నెరిసిన జుట్టును నల్లగా మార్చాలన్నాడు. ప్రేమానందం హడావిడిగా మార్చి ఇచ్చాడు.

ఫ్లెక్సీ కట్టిన గంటకే ఓబుళేసు తిరిగొచ్చాడు.

"ఏందప్పా ఇది? కండువా చుట్టూ పచ్చ గీత, జుట్టు చుట్టూ పచ్చ పొగ! అన్న మనసింకా పాత పార్టీ కాడే ఉండాదని జనం నవ్వుతాండారు."

తప్పు నిజమే. రంగు ఎంత మేర మారాలో హద్దు గీసే మాస్క్, కండువా అంచు దాకా చేరలేదు. ప్రేమానందం దాన్ని రెండు పిక్సెళ్లు, అంటే బొమ్మలో రెండు సన్నని చుక్కల మేర, బయటికి జరిపాడు. జుట్టుకేమో ఫోటోలో వెనకున్న పాత పార్టీ పచ్చ తెర రంగు అంటుకుంది. మాస్క్‌ను ఒక్కో వెంట్రుక వెంబడి బ్రష్‌తో సరిచేసి, అంటిన రంగును తీసేసే డీకంటామినేట్ మీట నొక్కాడు. అంచుల్లో పచ్చ పోయి, పక్కనున్న జుట్టు రంగే పరుచుకుంది. తన పనితనానికి తనే మురిసిపోయాడు.

ఓబుళేసు ఆ బొమ్మను ఫోన్లో పంపగానే నాయకుడే ఫోన్ చేసి ప్రేమానందంతో మాట్లాడాడు.

"శానా బాగుందప్పా. అయితే ఆ పచ్చ కొంచెం ఉండనీ. పాత పార్టీవోళ్లు మళ్లీ పిలుస్తాండారు."

ప్రేమానందం నవ్వు ఆపుకొని, వృత్తి మర్యాదతో అడిగాడు.

"ఎన్ని పిక్సెళ్లన్నా?"

"ఒకటి చాలు. దూరానికి కనపడగూడదు, దగ్గరికొచ్చినోళ్లకు తెలియాల."