సెకనుకు నాలుగు మీటర్లు

పిల్లలు ఫొటో తీసి పంపే ఫిజిక్స్ లెక్కలకు జవాబులు రాయడం మా ఆఫీసు పని. ఒక్కో లెక్కకు ఎనిమిది నిమిషాలు. రాసినవాటిని సరిచూసి పంపేదాన్ని నేను. నెలలో మూడు తప్పులు దొరికితే ఉద్యోగం ఊడినట్టే.

నా పక్క కుర్చీ మాస్టారిది. బడి మూతపడ్డాక, యాభై ఎనిమిదేళ్ల వయసులో మా దగ్గర చేరారు. జవాబు వెళ్లిపోయాక కూడా పాత కాగితం వెనక అదే లెక్కను మరో దారిలో చేసేవారు. చూస్తుంటే నాకు ఒళ్లు మండేది. అయిపోయిన పెళ్లికి మేళం ఎందుకని దెప్పేదాన్ని. నవ్వి ఊరుకునేవారు.

ఆ రోజు మధ్యాహ్నం ఒక ఫొటో వచ్చింది. నాలుగు కేజీల డిస్కే కప్పీ. దాని అంచుకు చుట్టిన తాడుకు రెండు కేజీల దిమ్మ వేలాడుతోంది. వదిలేస్తే, 1.6 మీటర్లు దిగేసరికి దిమ్మ వేగమెంత? గురుత్వం పది అనుకోమన్నారు. మాస్టారు టార్క్‌తో చేసి సుమారు 5.7 అని రాశారు. నేను టిక్కు పెట్టాను. ఫొటో పంపిన అమ్మాయి అయిదు నక్షత్రాలు ఇచ్చింది.

కాసేపటికి మాస్టారి పెన్ను ఆగిపోయింది.

"శక్తితో చేస్తే నాలుగే వస్తోందమ్మా. దిమ్మ దిగితే వచ్చేది ముప్పై రెండు జౌళ్లు. అందులో సగం దిమ్మకు, సగం డిస్కు తిరగడానికి. టార్క్‌లో నేను తాడు లాగుడు ఇరవై అని రాశాను, దిమ్మ బరువంతా. తాడు అంత బరువూ మోస్తే దిమ్మ కదలనే కదలదు కదా. లాగుడు పదే."

ఆయనకు అప్పటికే రెండు తప్పులున్నాయి.

"ఊరుకోండి మాస్టారూ. నక్షత్రాలు కూడా ఇచ్చేసింది. ఎవరు చూడొచ్చారు? ఈ ఉద్యోగం పోతే మిమ్మల్ని మళ్లీ ఎవరు పిలుస్తారు?"

"ఎవరూ పిలవరు," అన్నారాయన. అంటూనే టైపు చేశారు: 'నా జవాబు తప్పు. సరైనది నాలుగు. క్షమించు.' కింద రెండు దారులూ పూర్తిగా రాసి పంపారు.

రెండు నిమిషాల్లో బదులొచ్చింది. 'నాకు ముందు నాలుగే వచ్చింది సార్. మీది చూసి కొట్టేశాను. నాకీ సబ్జెక్టు రాదేమో అని ఏడ్చాను.'

మాస్టారు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ లెక్కను నేను చదవనే లేదు. పైన టార్క్ అన్న మాట, కింద జవాబు చూసి టిక్కు పెట్టేశాను.

సాయంత్రం తప్పుల పట్టిక నింపాలి. మాస్టారి పేరు రాయక తప్పలేదు, రాశాను. దాని పక్కన, సరిచూసినవారు అనే గడిని ఎప్పుడూ ఖాళీగా వదిలేదాన్ని. ఆ రోజు అందులో నా పేరు రాశాను.