మూరన్నర మీద రెండు వేళ్లు

కల్లూరు కాలనీల్లో తిరిగే షేరాటోవాళ్లందరికీ మహాదేవి తెలుసు. తెలియడమంటే గౌరవం కొద్దీ కాదు. నేత చీరల మూట పక్కన పెట్టుకుని ఆమె రోడ్డు మీద నిలబడితే, వాళ్లు దూరం నుంచే చూసి, చూడనట్టు ముఖం తిప్పుకుని వేగం పెంచేవాళ్లు. ఎవరైనా పుణ్యాత్ముడు ఆపినా, "నీకొక సీటు, మూటకొక సీటు" అని తీర్పు చెప్పేవాడు. ఆ లెక్కన ఇన్నేళ్లుగా మూట సీటు మీద కూర్చుని దర్జాగా ప్రయాణిస్తోంది. మహాదేవి మాత్రం దాన్ని పట్టుకుని సీటు అంచున వేలాడుతోంది.

మూటలు కోడుమూరు నుంచి బస్సులో వస్తాయి. అత్తగారి అన్నదమ్ముల మగ్గాల మీద నేసిన నూలు చీరలవి. వాటిని ఇంటింటికీ తిప్పి అమ్మడం మహాదేవి పని. ఒకచోట కుదురుగా కూర్చోవడం ఆమె జాతకంలో లేదు. అన్నం నిలబడి తింటుంది, ఫోను నడుస్తూ మాట్లాడుతుంది. ఎత్తు నాలుగడుగుల పదంగుళాలు. దాని గురించి ఆమెకెప్పుడూ ఫిర్యాదు లేదు. ఫిర్యాదులన్నీ ఇంట్లో మిగతావాళ్లవే. అత్త గిడ్డమ్మ పేరుకే గిడ్డమ్మ, మనిషి పందిరి గుంజంత. మొగుడు వీరభద్ర తల్లినే పోలాడు. అందుచేత ఆ ఇంట్లో అటకలూ, అరలూ, చిలక్కొయ్యలూ అన్నీ ఆ జాతి సౌకర్యం కోసం కట్టినవే.

ఎదురింటి యశోద స్కూటరు బండి మీద మహాదేవి తోలడం నేర్చుకుంది. బాగానే తోలింది. నడుస్తున్న బండికి పొట్టీ పొడుగూ తేడా తెలియదు. ఆగిన బండికే ఆ వివక్ష అంతా. పాల కేంద్రం ముందర ఆపి కాలు దించితే, కాలు ఉంది గానీ నేల అందలేదు. బండితో సహా పక్కకు ఒరిగింది. మోచెయ్యి గీరుకుపోయింది, అంతే. కానీ ఆ సాయంత్రానికి ఆ వార్త ఇంట్లో ఒక సిద్ధాంతంగా మారింది.

"బండి తీసుకుందాం. వీరభద్ర తోల్తాడు. నువ్వు ఎనక కూచో," అంది గిడ్డమ్మ.

వీరభద్రకు నూనె మిల్లులో పని. పొద్దున పోతే చీకటి పడ్డాకే రాక. చీరలు చూసే ఆడవాళ్లకు తీరిక దొరికేది వంటలు ముగిసి, మొగుళ్లు వెళ్లిపోయిన పదకొండు గంటల వేళ. మొగుడు తోలే బండి మీద వెనక కూర్చుని వ్యాపారం చేయడమంటే ఆదివారాలు మాత్రమే వ్యాపారం చేయడం.

"నేను తోలేదానికే బండి. లేకుంటే వద్దే వద్దు," అంది మహాదేవి, ఆ మాట అంటూనే వాకిలి దాకా పోయి మళ్లీ వచ్చి.

చర్చలు నడిచాయి. చివరికి ఒప్పందం కుదిరింది: మహాదేవి తానే నిలబెట్టగలిగిన బండి దొరికితే తాళం ఆమెది. దొరక్కపోతే తాళం వీరభద్రది, వెనక సీటు ఆమెది, ఆ తర్వాత ఎవరూ నోరెత్తకూడదు.

ఆ వారంలోనే వీరభద్ర మిల్లు నుంచి వస్తూ బండ్ల షోరూములో తొంగి చూశాడు. బూడిదరంగు బండి ఒకటి అతని మనసు దోచుకుంది. వెడల్పాటి సీటు, పెద్ద ముఖం, పెళ్లికొడుకు ఎక్కదగిన గాంభీర్యం. ధర్మం తప్పకుండా సీటు ఎత్తు కూడా కొలిచాడు. టేపు దర్జీల సామాను. నేతవాళ్లకు చెయ్యి చాలు. మోచెయ్యి నుంచి వేలి కొస దాకా మూర పెట్టి, ఇంటికొచ్చి ప్రకటించాడు:

"మూరన్నర మీద రెండు వేళ్లు. అంతే ఉండాది."

మహాదేవి గోడకు ఆనుకుని నిలబడి, మూర పెట్టి తన కాలు కొలుచుకుంది. సరిపోయింది, ఇంకా కొంచెం మిగిలింది కూడా. ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టలేదు. మిగిలిన కాలును ఏం చేయాలా అని కాదు, తెల్లారదేమా అని.

బుధవారం వీరభద్ర సెలవు పెట్టాడు. ఆ పొద్దునే కోడుమూరు నుంచి మూట దిగడంతో, దాన్ని కూడా వెంటేసుకుని షోరూముకు పోయారు. అక్కడ బండ్లు చూపించే అమ్మాయి కృపారాణి. ఆమె మహాదేవిని తలనుంచి పాదాల దాకా చూసి, పాదాల దగ్గర ఆగింది.

"రోజూ ఇవే చెప్పులేస్తావా అక్కా?"

అవి పెళ్లిళ్లకు వేసుకునే ఎత్తు మడమల చెప్పులు. మహాదేవి ఒక్క క్షణం ఆలోచించి, సంచిలోంచి హవాయి చెప్పులు తీసి వేసుకుంది. ఎందుకైనా మంచిదని తెచ్చుకుంది మరి. వీరభద్ర మర్యాదకు పైకప్పు వైపు చూశాడు.

బూడిదరంగు బండి డబుల్ స్టాండు మీద ఉంది. "దీనిమీద కూచుని చూసుకోగూడదక్కా, ఎనక చక్రం గాల్లో ఉంటాది," అని కృపారాణి బండిని కిందికి దింపి పట్టుకుంది. మహాదేవి చీర కుచ్చెళ్లు సర్ది ఎక్కింది. రెండు వైపులా బొటనవేళ్లు మాత్రం నేలను పలకరించాయి. కుడికాలు ఆనించబోతే ఎడమకాలు లేచింది, ఎడమది ఆనించబోతే కుడిది.

"మూరన్నర మీద రెండు వేళ్లంటివి గదప్పా!"

"అవును. కావాలంటే మళ్లీ చూడు." వీరభద్ర వంగి మూర పెట్టాడు. మూరన్నర, రెండు వేళ్లు. అబద్ధం లేదు.

మహాదేవి దిగి తన మూర పెట్టింది. రెండు మూరలకు కాస్త తక్కువ వచ్చింది.

ఇద్దరూ బండి మీద మోచేతులు పక్కపక్కన ఆనించి చూసుకున్నారు. పదిహేనేళ్ల కాపురంలో ఆ రెండు చేతులు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసే అవసరం రాలేదు. వీరభద్ర మూర దగ్గర దగ్గర బెత్తెడు ముందుకు పోయి నిలబడింది. ఒక కుటుంబం ఒక కొలతను ఇంతకాలం రెండు సైజుల్లో వాడుకున్నదన్న సంగతి అలా బయటపడింది.

"నీ మూరతో కొలిచి, నా కాళ్లకు చెప్తివా!"

"మరి నీ చెయ్యి నేను యాడ తీసుకుపోయేది మే?"

కృపారాణి నవ్వు మింగి, ఇంకో పరీక్ష పెట్టింది. "బండికి ఎడమపక్క నిలబడక్కా. హ్యాండిలు పట్టుకోని నీ వైపు కొంచెం వంచు. మళ్లీ నిలబెట్టు." తను అవతలి పక్క చెయ్యి వేసి ఉంచింది. కొంచెం వంచేదాకా బండి మంచిదే. ఇంకొంచెం వంచగానే నూటపది కిలోలూ ఒకేసారి తమ ఉనికి చాటాయి. కృపారాణి పట్టుకోకపోతే పాల కేంద్రం చరిత్ర పునరావృతమయ్యేది.

"చూస్తివా?" అన్నాడు వీరభద్ర, చేతిలో లేని తాళాన్ని అప్పుడే వేలికి తిప్పుతున్నట్టు.

మహాదేవి అక్కణ్నుంచి కదిలింది. బండ్ల వరసల మధ్య అటూ ఇటూ తిరగడం మొదలుపెట్టింది. మూలనున్న చిన్న ఎర్ర బండి దగ్గర ఆగింది, ముందుకు పోయింది, మళ్లీ వచ్చింది.

"అది పదిహేను కిలోలు తేలికక్కా," అంది కృపారాణి.

వీరభద్ర మూర పెట్టాడు. "ఎత్తు అంతే ఉండాది గదమ్మా! ఏం లాభం?"

"ఎత్తు అంతేనన్నా. సీటు ముందర సన్నం. పెద్ద సీటైతే కాళ్లు పక్కలకు విడిపోయి పొడుగంతా ఆడ్నే ఖర్చయితాది. దీంట్లో నేరుగా దిగుతాయి."

మహాదేవి ఎక్కి, సీటు ముందుకు జరిగి కూర్చుంది. రెండు పాదాల ముందు భాగాలూ నేల మీద నిలిచాయి. కొంచెం ఒక పక్కకు జరిగితే ఎడమ పాదం మొత్తం ఆనింది. దిగి, వంచి, నిలబెట్టింది. ఇంకొంచెం వంచి, నిలబెట్టింది. డబుల్ స్టాండు వేయడానికి బండిని చేతుల్తో లాగుతుంటే, "చేత్తో లేపొద్దక్కా, కాలితో తొక్కు. ఒంటి బరువంతా స్టాండు మీద పెట్టు," అంది కృపారాణి. తొక్కింది. బండి తనంతట తానే వెనక్కి లేచి కూర్చుంది.

"ఖాళీ బండి ఎవురైనా పట్టుకుంటారు," అన్నాడు వీరభద్ర. అతను చెడ్డవాడు కాదు, కానీ బూడిదరంగు ఇంకా కళ్లల్లో ఉంది. "మూట సంగతేంది?"

న్యాయమైన ప్రశ్నే. మూటను వెనక సీటు మీద కట్టారు. షోరూము వెనక సందులో మహాదేవి బయల్దేరింది. వెళ్లడం బాగానే వెళ్లింది. చివర మలుపులో ఆగేసరికి, పైనున్న మూట ఒక పక్కకు వాలింది, దాని వెంట బండి, బండి వెంట ఆమె. గోడ దగ్గరగా ఉండబట్టి మోచేత్తో ఆనుకుని నిలిచింది.

వీరభద్ర పరుగున వచ్చి బండి పట్టుకున్నాడు. ఈసారి "చూస్తివా" అనలేదు. చాలా మెత్తగా, జాలిగా, "పోనీలే మే. నేను తోల్తాలే," అన్నాడు. చెయ్యి తాళం మీదికి పోయింది. ఆ జాలి మహాదేవికి గోడ దెబ్బకంటే గట్టిగా తగిలింది.

ఆమె బండి చుట్టూ తిరిగింది. చీర కొంగు బిగించింది, వదిలింది, మళ్లీ బిగించింది. ఆటోలో మూటను సీటు మీద పెడితే ప్రతి గుంతకూ అది తన మీద పడుతుంది. కాళ్ల దగ్గర పెట్టిన రోజు ఎప్పుడూ పడలేదు.

తాళ్లు విప్పింది. మూటను తెచ్చి ముందర, కాళ్లు పెట్టుకునే పలక మీద నిలబెట్టి కట్టింది. మూటకు రెండు పక్కలా తన చిన్న పాదాలకు చోటు మిగిలింది. కృపారాణి వచ్చి హ్యాండిలు పూర్తిగా అటూ ఇటూ తిప్పి, ఎక్కడా తగలడం లేదని చూసుకుని తల ఊపింది.

మహాదేవి సందు చివరిదాకా పోయి ఆగింది. కాళ్లు దించింది. బరువు కిందుండటంతో బండి ఒద్దికగా నిలబడింది. మలుపు తిరిగి వచ్చి, ఆగి, మళ్లీ పోయి, మళ్లీ ఆగింది. ఎవరూ అడగకపోయినా ఇంకోసారి ఆగి చూపించింది.

"ఏదీ, దిగు, నేను చూస్తా," అన్నాడు వీరభద్ర.

అతను ఎక్కాడు. మూటకు రెండు పక్కలా కాళ్లు ఇరికించేసరికి మోకాళ్లు లేచి హ్యాండిలుకు కాపలా కాశాయి. కుడికి తిప్పితే కుడి మోకాలు, ఎడమకు తిప్పితే ఎడమ మోకాలు. ఆ బండి మీద అతనికి నేరుగా పోవడం తప్ప ఇంకో దారి లేదు. నేరుగానే పోయాడు, ప్రహరీ గోడ దాకా. అక్కడ దిగి, ఎవరి వంకా చూడకుండా, బండిని వెనక్కి తోసుకుంటూ వచ్చాడు.

"ఈ బండి బాగల్యా," అన్నాడు.

"బండి బాగుండాది," అంది మహాదేవి. "నీ కాళ్లే ఎక్కువైనాయి."

బండి ఇంటికి వచ్చిన రోజు గిడ్డమ్మ చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, మొదట మగోడు ఎక్కించాలంది. వీరభద్ర తల్లి వైపు చూసి, "నా మోకాళ్లు ఒప్పుకోవు లేమ్మా," అన్నాడు. నిమ్మకాయలు మహాదేవి తోలిన బండి కిందే నలిగాయి.

ఆ ఆదివారం వీరభద్రను వెనక ఎక్కించుకుని ఆమె కర్నూలు వైపు పోయింది. ఎర్ర దీపం పడింది. ఆపగానే వెనక నుంచి రెండు పొడుగాటి కాళ్లు దిగి, రెండు పక్కలా నేలను పట్టుకున్నాయి. అలవాటు లేని మనిషి, భయం.

"కాళ్లు పైకి తీసుకో," అంది మహాదేవి వెనక్కి తిరక్కుండానే.

"పడతాము మే!"

"తీసుకోప్పా. నిలబెట్టేది నేను."

వీరభద్ర ఒక కాలు లేపాడు. కాసేపు ఆలోచించి రెండోది కూడా లేపాడు. బండి నిలబడింది. ఆకుపచ్చ దీపం పడేదాకా మహాదేవి వేలు కూడా కదపలేదు.