నొప్పి అనని నంజమ్మ

మా నంజమ్మత్త నొప్పి అని నోరెత్తదని మా మామ వీరప్పకు పెద్ద గొప్ప. తమిళనాడులో మా పాలకోడు టమోటా మార్కెట్లో కూర్చుంటే చాలు, అదే పాట. చేలో కలుపు తీస్తుండగా నొప్పులొస్తే గట్టు మీదే బిడ్డను కని, పంటి బిగువున ఇంటికి నడిచొచ్చిందట. పెండ్లాం ఓర్పును తన సొత్తులా చెప్పుకునే మగవాళ్లంటే నాకు ఒళ్లు మంట. అయినా మా వాళ్లలో ఆడదాని మంచితనాన్ని కొలిచే తూనిక అదొక్కటే.

ఆ ఏడు టమోటా తీగలకు ఊతకర్రలు పాతుతుంటే ఒక కర్ర మొన అత్త పిక్కలో గుచ్చుకుంది. చిన్న గాయం. పసుపు అద్ది పనిలోకి దిగింది. ఆమెకు చక్కెర జబ్బు ఉంది. మాత్రలు గుర్తొస్తే వేసుకునేది, లేకపోతే లేదు.

మరునాడు జ్వరం వచ్చింది. పిక్క మీద అరచేయంత ఎరుపు, కాస్త వాపు. చూడడానికి అంతే. కానీ అత్త మంచం పట్టె పట్టుకుని అరిచింది. కాలు మీద దుప్పటి కూడా కప్పనివ్వలేదు. ఎరుపు లేని తొడ దగ్గర తాకినా విలవిలలాడింది.

"ఇంతెరుపుకు అంత అరుపా?" అని మామ నవ్వాడు. మందుల అంగడి నుంచి నొప్పి మాత్ర తెచ్చిచ్చాడు. అది పనిచేయలేదు. ఇంత మంట పుట్టేది అక్కికే అని తానే తేల్చి, కుమ్మరి చంద్రప్పను పిలిపించాడు. అక్కి పొక్కులకు కుమ్మరి చేత కావిమట్టితో సింహం బొమ్మ రాయించడం మా వైపు ఆచారం. రాసినాక అది మానేదాకా నీళ్లు తగలకూడదు.

చంద్రప్ప వంగి చూశాడు. "అక్కికి పొక్కులుండాల కదప్పా, ఇక్కడ ఒకటీ లేదు. ఆసుపత్రికి తీసకపో" అన్నాడు.

"రాయమంటే రాయి" అన్నాడు మామ.

చంద్రప్ప రాశాడు. మోకాలి నుంచి మడమ దాకా కావి పూశాడు. కింద చర్మం ఏ రంగు తిరుగుతున్నదో ఇక ఎవరికీ కనబడలేదు.

ఆ మరునాడు మధ్యాహ్నానికి అత్త అరుపు ఆగింది. పిక్క గిల్లినా తెలియడం లేదంది. కావి పనిచేసిందని మామ చంద్రప్ప ఇంటికి టెంకాయ, తాంబూలం పంపించాడు. సాయంత్రానికి అత్త ఒళ్లు చల్లబడి చెమటలు పట్టింది, ఊపిరి ఎగబీల్చింది, మాట తడబడింది. అప్పుడు కదిలారు. టమోటాలు తోలే వ్యాన్లో ధర్మపురి ఆసుపత్రికి చేర్చారు.

సర్జన్ సుగన్య తడిగుడ్డతో సింహాన్ని తుడిచేసింది. కింద చర్మం ఊదా నలుపు. నీటి బొబ్బలు లేచాయి. వేలితో నొక్కితే లోపల గాలి చిటపటమంది. ఎరుపు అంచు వెంట పెన్నుతో గీత గీసింది. సెలైన్, మందులు ఎక్కించి, రక్తం సిద్ధం చేస్తుండగానే ఎరుపు ఆ గీత దాటింది. స్కాన్ కోసం కూడా ఆగనంది.

మామకు తమిళంలో విడమరచి చెప్పింది. పుండు చర్మం మీద కాదు, కింద కండను కప్పిన పొర వెంట పాకుతోంది. అందుకే మొదట పైకి ఏమీ కనబడదు, నొప్పి మాత్రం కొండంత. పైన ఇంత, నొప్పి అంత అయితే అదే గుర్తు. నొప్పి ఆగింది మానినందుకు కాదు, నరాలు చచ్చినందుకు. చచ్చిన చోటికి నెత్తురు పోదు, నెత్తురు పోని చోటికి మందూ పోదు. కోసి తీసేయాలి, ఇప్పుడే. లేకపోతే మనిషి దక్కదు.

మామ అన్నను అడిగి చెబుతానన్నాడు. అంత టైము లేదంది సుగన్య. ఈమె మామూలుగా చిన్న నొప్పికే ఏడ్చే మనిషా అని అడిగింది. మామ ఆ స్థితిలోనూ తన పాత పాట ఎత్తుకున్నాడు. గట్టు మీద కాన్పయినా కిమ్మనలేదన్నాడు.

"అటువంటి మనిషి అరిస్తే ఏమనుకున్నారయ్యా?" అంది సుగన్య.

మామ సంతకం పెట్టాడు.

ఆ రాత్రి చచ్చిన కండంతా కోసి తీశారు. మరునాడు మళ్లీ తెరిచి చూస్తే కుళ్లు లోతుకు పోయింది. ప్రాణం నిలపడానికి తొడ దగ్గర కాలు తీసేశారు. నొప్పి మొదలైన రోజే తెచ్చి ఉంటే కాలు దక్కేదేమో అని సుగన్య అన్నప్పుడు నేనక్కడే ఉన్నాను. నాకు మామ గొంతు పిసకాలనిపించింది.

ఆర్నెల్ల తర్వాత చుట్టాలు చూడడానికి వచ్చారు. అత్త చంకకర్ర పక్కన పెట్టుకుని కూర్చుంది. మామ కాఫీలందించి గొంతు సవరించుకున్నాడు. కాలు తీసినా మా నంజమ్మ నొప్పి అనలేదని మొదలుపెట్టాడు. చుట్టాలు తలలూపారు.

అత్త తలెత్తింది.

"అన్నాను" అంది. "గొంతు పోయేలా అరిచినాను. మీరు నాకు బొమ్మ రాయించినారు."