ఫైలులో ఉన్న పేరు

మా బాబాయిని బజారంతా భూతద్దం అంటారు. ఎదురుగా మాత్రం ఎవరూ అనరు, ఆయన నోరు అలాంటిది. ఫొటో స్టూడియోలో కూర్చుని ప్రతి ఫొటోనూ పెద్దది చేసి, ఇంకా పెద్దది చేసి, చివరికి రంగు చుక్కలు తప్ప ఏమీ కనిపించని దాకా చూస్తాడు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చినవాళ్లను కాసేపు వేపుకుతిని, "మీ ఎడమ చెవి కొంచెం పైకుంది, తెలుసా?" అని కూడా అడుగుతాడు. పాపం, అప్పటిదాకా వాళ్లకి తెలియదు. ఆ రోజు నుంచి జీవితాంతం అద్దంలో ఆ చెవినే చూసుకుంటారు.

రీలు కెమెరాల కాలం పోయినప్పుడు అందరిలా ఆయన ఏడవలేదు. కొత్త కెమెరాల్లో ఆయనకు బాగా నచ్చింది ఒకటుంది. ఫొటోతోపాటు దాని వివరాలు కూడా ఫైలులోనే దాగి ఉంటాయి. ఏ కెమెరా, ఏ తేదీ, ఎన్ని గంటలకు, ఫ్లాష్ వెలిగిందా లేదా, లెన్సు ఎంత తెరుచుకుంది, ఫోనుతో తీస్తే ఒక్కోసారి ఎక్కడ తీశారో కూడా. "ప్రతి ఫొటోకీ ఒక జాతకం ఉంటుందే" అని నాతో అనేవాడు. స్టూడియోలో ప్రింట్లు, కంప్యూటరు పని నేనే చూస్తాను కాబట్టి ఆ జాతకాలన్నీ వినే యోగం నాదే.

మా వీధి చివర ఆడపిల్లల హైస్కూలు ఉంది. వాళ్ల గ్రూపు ఫొటోలు, గుర్తింపు కార్డులు అన్నీ మావే. స్కూలుకి కెమెరా అమ్మింది కూడా బాబాయే. పరీక్షల ముందు అక్కడ ప్రశ్నపత్రం బయటికి పొక్కింది. అదే వారంలో స్కూలు కెమెరా కార్డులో ఒక ఫొటో దొరికింది. ఆఫీసు గది తలుపు సందులోంచి ఎవరో తీసింది. ప్రశ్నపత్రాల బీరువా ముందు ఒక ఆడమనిషి, వెనక నుంచి. మసకగా వీపు, ఒక భుజం, అంతే. హెడ్‌మిస్ట్రెస్ గారు బాబాయికి కబురు పెట్టారు.

ల్యాప్‌టాప్ మోసుకుంటూ నేనూ వెళ్లాను. స్టాఫ్‌రూమ్‌లో టీచర్లందరూ ఉన్నారు. లైబ్రరీ మేడమ్ కిటికీ పక్కన కూర్చుని ఉంది. తాత్కాలిక ఉద్యోగం ఆవిడది, ఆ నెలలోనే పర్మనెంటు చేస్తారని అందరూ అనుకుంటున్నారు. బాబాయి కార్డు పెట్టి ఫైలు వివరాలు తెరిచాడు. కెమెరా పేరు చదివాడు. ప్రశ్నపత్రాలు వచ్చిన మర్నాటి తేదీ చదివాడు. ఫ్లాష్ వెలగలేదు, అందుకే మసక అన్నాడు. అందరూ నోళ్లు తెరుచుకుని చూస్తుంటే మా బాబాయి ఇంకో మెట్టు ఎక్కాడు. పొగిడేవాళ్లుంటే ములగచెట్టు ఎక్కడం ఆయనకు కొత్త కాదు.

"ఇదిగో, ఈ మనిషి ఎవరో ఇక్కడ పేరు కూడా ఉంది" అన్నాడు. లైబ్రరీ మేడమ్ పేరు చదివాడు.

లైబ్రరీ మేడమ్ లేచి నిలబడింది. "నేనా? నేను ఆ గదిలోకే వెళ్లను కదండీ" అంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుందని వెనక నుంచి ఎవరో గొణిగారు.

"మాస్టారూ, ఖాయమేనా?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు.

"నేను చెప్పడం కాదు మేడమ్, ఫైలే చెప్తోంది. మనుషులు అబద్ధమాడొచ్చు, ఫైలు ఆడదు."

ఆ సాయంత్రమే ఆవిడ్ని రేపటి నుంచి రావద్దన్నారు.

ఇంటికి వచ్చాక బాబాయి ఈ ఘనకార్యం పిన్నికి చెప్పకుండా ఉంటాడా? కూర వేగే లోపల రెండుసార్లు చెప్పాడు. పిన్నికి నమ్మకం కలగలేదు. "వీపులో పేరెలా కనిపిస్తుందండీ?" అంది. చూపిస్తా రా అని కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. ఆటల పోటీల రోజున పీటీ మాస్టారు అదే కెమెరాతో తీసిన ఫొటో ఒకటి మా దగ్గర ఉంది. బాబాయి పిల్లలకు బహుమతులిస్తూ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్న ఫొటో అది. దాని వివరాలు తెరిచాడు.

అక్కడా లైబ్రరీ మేడమ్ పేరే ఉంది.

పిన్ని స్క్రీన్ వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. "అయితే ఈ నవ్వుతున్నది మీరు కాదన్నమాట. లైబ్రరీ మేడమ్. మీసం బాగా కుదిరింది ఆవిడకి."

నేను పకపకా నవ్వాను. బాబాయి నవ్వలేదు. ఇంకో ఫొటో తెరిచాడు. పరుగుపందెం పిల్లలు. అదే పేరు. ఖాళీ మైదానం, మనిషన్న వాడు లేడు. అదే పేరు. అప్పుడాయన ముఖం చూసి నవ్వడం ఆపేశాను.

"నేనే పెట్టానే" అన్నాడు. "కెమెరా ఇచ్చేటప్పుడు, దాన్ని చూసుకునేది ఆవిడే అన్నారని, యజమాని పేరు దగ్గర ఆవిడ పేరు నేనే ఎక్కించి మర్చిపోయాను. ఆ కెమెరాతో ఎవరు నొక్కినా, ఎవర్ని తీసినా, ఆ పేరే పడుతుంది."

పిన్ని చటుక్కున లేచి పొయ్యి కట్టేసింది. అన్నం ఎవరం తినలేదు.

తలకొట్టేసినట్టు ఉండటమంటే ఏమిటో ఆ తర్వాత ఆయన్ని చూసి తెలుసుకున్నాను. స్టూడియో తెరిచాడు గానీ గిరాకీ వస్తే నన్నే చూసుకోమనేవాడు. ఎవరి చెవినీ ఏమీ అనలేదు. వెళ్లి చెప్పు బాబాయ్ అంటే, "ఏ ముఖం పెట్టుకుని వెళ్లనే?" అనేవాడు. నాకు ఒళ్లు మండింది. "ఆవిడ ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చుంటే నీకు ముఖం గొడవా?" అన్నాను. అన్నాక నాకే బాధేసింది. కానీ ఆయన లేచి చొక్కా మార్చుకున్నాడు.

ఈసారి స్కూలుకి వెళ్లి టీచర్లందర్నీ ఆయనే పిలవమన్నాడు. లైబ్రరీ మేడమ్‌నీ పిలిపించమన్నాడు. ముందు తన నవ్వు ఫొటో, తర్వాత ఖాళీ మైదానం చూపించాడు. "ఈ పేరు ఫొటోలో ఉన్నవాళ్లది కాదు. తీసినవాళ్లది కూడా కాదు. కెమెరాలో నేను రాసిపెట్టిన పేరు. తేదీ కూడా కెమెరా గడియారం ఎలా ఉంటే అలా పడుతుంది. ముఖం ఎవరిదో ఫైలుకి తెలీదు. నాకూ తెలీదు. ఆ రోజు తెలిసినట్టు మాట్లాడాను. తప్పు నాది, సిగ్గుతో చెప్తున్నాను."

"మరి ఫొటోలో ఉన్నది ఎవరు?" అని హెడ్‌మిస్ట్రెస్ గారు అడిగారు.

"తెలీదు మేడమ్."

అది ఎవరో ఇప్పటికీ తెలియదు. హెడ్‌మిస్ట్రెస్ గారు తల దించుకుని, లైబ్రరీ మేడమ్‌ని సోమవారం నుంచి రమ్మన్నారు. క్షమించమ్మా అని బాబాయి చేతులు జోడించాడు. ఆవిడ పుస్తకాల గది తాళంచెవి తీసుకుని వెళ్లిపోయింది.

నెల తిరక్కుండా ఆవిడ స్టూడియోకి వచ్చింది. పర్మనెంటు అయింది, కొత్త గుర్తింపు కార్డుకి ఫొటో కావాలి. బాబాయి నన్ను తీయమని సైగ చేశాడు. ఆవిడ అది చూసింది.

"మీరే తీయండి మాస్టారూ" అంది.

ఆవిడ స్టూలు మీద కూర్చుంది. బాబాయి కెమెరా ఎత్తాడు, దించాడు, లైటు సరిచేశాడు, మళ్లీ ఎత్తాడు. కెమెరా వెనక తల వంచేసుకుని లెన్సు తుడవడం మొదలెట్టాడు.

"ఆ రోజు వీపు ఒక్కటే చూసి నేనేనన్నారు" అంది ఆవిడ, గొంతు పెంచకుండా. "ఇవాళ ముఖం ఎదురుగానే ఉంది. ఒకసారి సరిగ్గా చూడండి."

బాబాయి తలెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే తుడుచుకోకుండానే ఫొటో తీశాడు.