ఎడమ చెవిలో ఆల్టో

మా నాచారం చర్చి క్వయర్‌లో ఆల్టో, అంటే ఆడవాళ్ల కింది గొంతు, పాడేది ఇద్దరమే. ఒకరు నేను, రెండో ఆమె పదకొండేళ్లుగా నా ఎడమ పక్కన నిలబడే అక్క. నా కుడి వైపంతా పైగొంతులో అసలు రాగం పాడే సోప్రానోల గుంపు. ఈస్టర్ ఇంకా నెల ఉందనగా క్వయర్ మాస్టారు ప్రాక్టీసు మధ్యలో ఆపి, అందరి ముందే నన్ను అడిగారు.

"ఏందమ్మా, ఆల్టో ఇడిశిపెట్టి సోప్రానోలకు జారిపోతున్నరు? వచ్చే ఆదివారం దాకా సూస్త. కుదరకపోతే ఈస్టర్‌కు సోప్రానోలనే పాడుండ్రి."

నాకు ఒళ్లు మండింది. పాట అసలు రాగం ఎవరైనా పాడతారు, దాని కింద నిలబడి బరువు మోసేది ఆల్టో. అది నాది. తప్పు నాలో ఉండే ప్రసక్తే లేదు కాబట్టి ఇంటికి రాగానే ఫోన్ మీద పడ్డాను.

నేర్చుకోవడానికి మా ఫోన్లకు పంపిన రికార్డింగును బ్లూటూత్ ఇయర్‌ఫోన్లలో వింటే, ఆల్టో గోడ అవతల పాడుతున్నట్టు వినిపించేది. చిన్న ఫైలు కదా, నాసిగా ఉందనుకున్నాను. ఫైళ్లను లాస్‌లెస్‌గా, అంటే నాణ్యత తగ్గని రకంగా, మార్చే యాప్ ఒకటి దొరికింది. అందులో వేస్తే నాలుగు ఎంబీల పాట దాదాపు ముప్పై అయింది. అంత పెరిగాక బాగుండక ఏం చేస్తుంది? బాగుందనే అనిపించింది. అదీ చాలక బేసు, ట్రెబుల్ హెచ్చుతగ్గులు చేసే ఈక్వలైజర్ తెరిచి గీతలన్నీ పైకి తోసేశాను. బేసు గుభగుభలాడింది, గొంతులు బరబరమన్నాయి. ఆల్టో మాత్రం గోడ అవతలే ఉండిపోయింది.

శనివారం ఉప్పల్ వెళ్లాను. చర్చిలో సౌండ్ మిక్సర్ చూసుకునే, నేను తమ్ముడని పిలిచే కుర్రాడికి మెట్రో స్టేషన్ దగ్గర ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది. ఆ రికార్డింగు చేసింది అతనే. నా ఫోన్ చూసి నవ్వాడు.

"ఏందక్కా గిది? అన్నీ మీదికి తోస్తే సౌండు పగలక ఏమైతది? అడ్డమొచ్చేది జర తగ్గించాలె గానీ, అన్నీ పెంచుతరా?"

గీతలన్నీ సున్నాకు దించాడు. "బ్లూటూత్‌ల పాటను మళ్ల కుదించే పంపుతది" అంటూ వైరున్న పెద్ద హెడ్‌ఫోన్లు నా తలకు పెట్టి, ఫోన్ అటు తిప్పుకున్నాడు. పాత ఫైలు, నా ముప్పై ఎంబీల ఫైలు మార్చిమార్చి వినిపించి ఏది ఏదో చెప్పమన్నాడు. నాలుగింట్లో రెండు తప్పు చెప్పాను. అయినా వాదించాను.

"చిన్నగ జేసినప్పుడు పోయింది పోయిందే అక్కా. డబ్బా పెద్దగైతే లోపలిది పెరగదు. కానీ ఆల్టో మంచిగనే ఉండాలె. ఎవలది వాళ్లు ఏరుకుంటరని ఆల్టోను ఎడమ దిక్కు, సోప్రానోను కుడి దిక్కు పెట్టిన."

తను పెట్టుకుని విన్నాడు. బాగానే ఉందన్నాడు. తర్వాత ఆ హెడ్‌ఫోన్లనే ఎడమది కుడికి వచ్చేలా తిప్పి నా తలకు పెట్టాడు.

ఆల్టో వచ్చింది. ప్రతి మాటా, ఊపిరితో సహా, కుడి చెవిలో. ఇప్పుడు సోప్రానో గోడ అవతలికి పోయింది.

ఫైలు అదే, హెడ్‌ఫోన్లు అవే. మారింది చెవి ఒక్కటే. ఫోన్ ఎప్పుడూ కుడి చెవికే ఎందుకు పెట్టుకుంటున్నానో అప్పుడు అర్థమైంది. భయమేసింది. తమ్ముడు నా వైపు చూడకుండా, "దవాఖానాల ఒకపారి సూపించుకో అక్కా" అన్నాడు. తర్వాత సెట్టింగ్స్‌లో మోనో ఆడియో అని ఒక మీట నొక్కాడు. "రెండు దిక్కులది కలిపి రెండు చెవులకూ ఇస్తది. ఇగ నీకేం తక్కువ గాదు."

సోమవారం డాక్టరు పరీక్ష చేయించి, గులిమి కాదు, నరం బలహీనపడిందన్నారు. ఎడమ చెవిలో తగ్గిన వినికిడి తిరిగి రాదట. ఇంటికొచ్చి ఏడ్చాను. ఆ తర్వాత మోనోలో పాట పెట్టుకుని, వారమంతా నా ఆల్టో నేను నేర్చుకున్నాను. ఆ చిన్న మీటకూ, దాన్ని చూపించిన తమ్ముడికీ రోజూ ప్రార్థనలో కృతజ్ఞతలు చెప్పుకున్నాను.

కానీ ఆదివారం చర్చిలో ఏ మీటా ఉండదు కదా. కుడి చెవి నిండా సోప్రానోలే. ఎప్పటిలా నా చోట నిలబడ్డాను. మాస్టారు చేయెత్తబోతుండగా అక్క నా ఎడమ పక్కనుంచి కదిలి, నా వెనకగా వచ్చి, నాకూ సోప్రానోలకూ మధ్య దూరింది.

"జర జరుగు. గీడ ఫ్యాను గాలి మంచిగొస్తది" అంది.

జరిగాను. పాట మొదలైంది. అక్క గొంతు నా కుడి చెవిలో పడింది, నా గొంతు దాన్ని పట్టుకుంది, చివరిదాకా వదల్లేదు. మాస్టారు తలూపి రెండో పాట అందుకోమన్నారు.

ఆ వైపు ఫ్యానే లేదు.