నోట్‌లో రాయని కిలోలు

లారీల కంపెనీ ఉద్యోగం వదులుకున్నాక, ఆ నెల లెక్కలు ముగిసేదాకా ఉండమని మేనేజర్ అడిగారు. ఉన్నాను. కానీ లెక్కలు మూసే రోజు ఉదయానికే నా లాగిన్‌లో ఎంట్రీలు పోస్ట్ చేసే అధికారం తీసేశారు. తెరపై అన్నీ కనిపిస్తాయి, ఏదీ మార్చలేను. నిద్ర లేచినప్పటి నుంచి నాకు కాలూ చెయ్యీ ఆడలేదు.

మా ఆఫీసు కూరెకుప్పలో. యశ్వంతనగర్ గనుల నుంచి ఇనుప ఖనిజం తోలే లారీల బాడుగలు, డీజిల్, బిల్లులు అన్నీ ఈఆర్‌పీ అనే సాఫ్ట్‌వేర్‌లో నడుస్తాయి. ఫైనాన్స్ వైపు దానికి సూపర్ యూజర్ని నేనే. ఎవరి బిల్లు ఆగినా ముందు నా టేబుల్ దగ్గరికే వచ్చేవాళ్లు.

నా స్థానంలోకి వచ్చినాయన నాకంటే పెద్దవాడు. కాలవ కింద వరి పండించే కోస్తా కుటుంబం, అంతకుముందు రైసు మిల్లులో లెక్కలు చూసేవాడు. ఆయన కోసం పెద్ద నోట్ రాశాను. సాఫ్ట్‌వేర్‌లో కొత్త నెల లెక్కల పీరియడ్ తెరిచినా, పాతది చివరిదాకా మూయొద్దు. తరుగుదల ముందు పరీక్షగా నడిపి, తప్పులు లేవంటేనే అసలుది నడపాలి. బిల్లు రాని బాడుగలకు ప్రొవిజన్, అంటే అంచనా ఖర్చు, వేసేటప్పుడు, మరుసటి నెల ఒకటో తేదీకి అది రివర్స్ అయి రద్దయ్యేలా తేదీ ఇవ్వాలి. లేకపోతే బిల్లు వచ్చినప్పుడు అదే ఖర్చు రెండోసారి పడుతుంది.

ఆయన నోట్‌ను కీబోర్డు పక్కన పెట్టుకుని, ఒక్కో పనికీ పెన్సిల్‌తో టిక్కు పెట్టుకుంటూ పోతున్నాడు. నేను వెనక నిలబడి ఆయన మౌస్ కదిలిన ప్రతిసారీ తెరమీదికి వంగి చూస్తున్నాను.

"మేడమ్, మీరు కాస్త కూర్చోండి. వెనకాల నిలబడితే నాకు వేళ్లు ఆడట్లేదండి."

కూర్చున్నాను. లేచాను. నీళ్లు తాగొచ్చాను. కిటికీ అవతల ఎర్రదుమ్ము రేపుకుంటూ లారీలు పోతున్నాయి. లోపలికొచ్చేసరికి ఆయన ప్రొవిజన్ పోస్ట్ చేసేసి, తరువాతి పనిలోకి వెళ్లిపోయాడు. నేను మళ్లీ కూర్చున్నాను.

మధ్యాహ్నం మేనేజర్ లాభనష్టాల ప్రింటు పట్టుకుని వచ్చారు.

"ఏందమ్మా ఇది? ఈ నెల మన లారీలు ఢిల్లీకి పోయొచ్చినాయా? బాడుగే కంపెనీని మింగేస్తాంది!"

ఆ అంకె చూడగానే అర్థమైంది. లారీలను తూచే మా కాంటాల్లో ఒకటి, గని గేటు దగ్గరిది, బరువును కిలోల్లో పంపుతుంది. రిపోర్టు వాటిని టన్నులనుకుని బాడుగ కడుతుంది. బిల్లులు పాస్ చేసేటప్పుడు రవాణా వాళ్లు చేత్తో సరిచేస్తారు. ప్రొవిజన్ రిపోర్టులో మాత్రం అది అట్లే ఉంటుంది. నేను ప్రతి నెలా ఎక్సెల్‌లో ఆ వరుసల్ని వెయ్యితో భాగించి, ఆ తరువాతే పోస్ట్ చేసేదాన్ని. అదే ఇద్దరికీ చెప్పాను.

"మరి నోట్‌లో లేదేంటండీ?" అన్నాడాయన, చూపుడువేలు నోట్ మీద పెట్టి. గొంతులో కోపం లేదు, నిజంగా వెతుకుతున్నాడు.

"రాయాలని తోచనే లేదన్నా. కండ్లకు అలవాటైపోయినాది. చూస్తానే చేత్తో సరిచేసేదాన్ని."

"ఇప్పుడేం చేయాలండీ?"

చెయ్యి దానంతటదే మౌస్ మీదికి పోయింది. నాకు అధికారం లేదని గుర్తొచ్చి వెనక్కి తీసుకున్నాను. "పాత పీరియడ్ ఇంకా తెరిచే ఉండాది. ఆ డాక్యుమెంట్‌ను అదే నెల తేదీతో రివర్స్ చేయండి. బరువులు సరిచేసి మళ్లా పోస్ట్ చేయండి. కొత్తదానికి రివర్స్ తేదీ ఒకటో తేదీ ఇవ్వడం మరచిపోవద్దు."

ఆయన తొందరపడకుండా చేశాడు. ఈసారి బాడుగ మామూలుగా వచ్చింది. మేనేజర్ ప్రింటు చింపి, "ఇంగ సరేనప్పా," అని వెళ్లిపోయారు. కొత్తాయన నోట్ అంచున ఆ సంగతి రాసుకుని తలెత్తాడు.

"ఆ కాంటానే సరిచేయించొచ్చు కదండీ?"

అన్నేళ్లలో ఆ మాట ఎవర్నీ అడగలేదు నేను.

తరువాతి నెల మొదట్లో నేను హోస్పేటలో కొత్త ఆఫీసులో ఉన్నా మనసంతా కూరెకుప్పలోనే ఉంది. ఫోన్ బోర్లా పెట్టి, మళ్లీ తిప్పి చూసేదాన్ని. ఎవరూ చేయలేదు. ఉండబట్టలేక నేనే ఆయనకు చేశాను.

"అయిపోయిందండీ, నిన్ననే మూసేశాం," అన్నాడాయన. "కాంటా సంగతి సాఫ్ట్‌వేర్ వాళ్లకు రాశాను. గని గేటు కాంటా యూనిట్‌ను టన్నులకు మార్చారు. ఇప్పుడు భాగించే పని లేదండి."

"మంచి పని చేసినారన్నా," అన్నాను. సంతోషంగానే అన్నాను, కానీ నేను అక్కడ ఇక దేనికీ అక్కర్లేదని కూడా తెలిసింది. ఫోన్ పెట్టేసి, కొత్త ఆఫీసులో నాకిచ్చిన నోట్ తెరిచాను. మూడో పంక్తి దగ్గర ఆగి, పక్క టేబుల్ ఆమెను అడిగాను, "ఇది ఎందుకు చేస్తాండారు మేడమ్?"

"తెలీదు. మొదట్నుంచీ అట్లే చేస్తాన్నాం."

"ఎవర్ని అడిగితే తెలుస్తాది?"